చేయాల్సిన పని మొదటి పేరాలోనే

ఆఫీసులో ఏదైనా నిబంధన మారినప్పుడు సిబ్బందికి పంపే మెమోలో మొదటి పేరా ఎవరు, ఏ పని, ఏ తేదీలోగా, ఎక్కడ చేయాలో చెప్పాలి. మన ఆఫీసుల అలవాటు వేరు. విషయం, సూచిక, ఆ కింద నాలుగైదు పాత ఉత్తర్వుల నంబర్లు, తర్వాత ‘పై సూచికలననుసరించి తెలియజేయడమేమనగా’ అంటూ అరపేజీ వాక్యం. అసలు పని చివరి పేరాలో, సంతకానికి కాస్త పైన దొరుకుతుంది. అంతదూరం ఓపిగ్గా చదివేవారు తక్కువ.

2023 ఏప్రిల్ సంగతే చూడవచ్చు. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త ఆదాయపు పన్ను విధానం అందరికీ దానంతటదే వర్తించేలా చట్టం మారింది. ఎవరికి ఏ విధానం కావాలో ఉద్యోగులను అడగాలని, చెప్పనివారికి కొత్త విధానం ప్రకారమే జీతంలో పన్ను కోయాలని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఏప్రిల్ 5న యాజమాన్యాలకు సర్క్యులర్ ఇచ్చింది. దీని మీద ఒక అకౌంట్స్ విభాగం రాసే మెమో ‘ఆర్థిక చట్టం 2023 ద్వారా సెక్షన్ 115బీఏసీకి జరిగిన సవరణల దృష్ట్యా’ అని మొదలైతే, చదివేవారు అది తమకు సంబంధించింది కాదనుకుని పక్కన పెడతారు. అదే మెమో మొదటి పేరా ఇలా ఉండవచ్చు:

‘పాత పన్ను విధానంలో కొనసాగదలచినవారు ఏప్రిల్ 20 సాయంత్రం 5 గంటలలోగా జతచేసిన ఫారం నింపి అకౌంట్స్ విభాగంలో ఇవ్వాలి. ఇవ్వనివారికి ఏప్రిల్ జీతం నుంచి కొత్త విధానం ప్రకారం పన్ను కోత ఉంటుంది. కొత్త విధానం కోరుకునేవారు ఏమీ చేయనక్కర్లేదు.’

చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే పనిలేనివారు కూడా ఫారాలు పట్టుకుని వస్తారు. విషయం పంక్తిలోనూ ‘పన్ను విధానం గురించి’ అని ఊరుకోకుండా ‘పాత పన్ను విధానం కావాలంటే ఏప్రిల్ 20లోగా ఫారం ఇవ్వాలి’ అని రాస్తే, మెయిల్ తెరవకముందే సగం సంగతి తెలుస్తుంది.

రెండో పేరాలో ఏం మారిందో, ఎందుకో రెండు మూడు వాక్యాల్లో చెబితే చాలు. తర్వాత మినహాయింపులు. పై ఉదాహరణలో వదిలేయకూడని సంగతి ఒకటుంది: యాజమాన్యానికి చెప్పే ఎంపిక జీతంలో కోత వరకే. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి గడువులోగా రిటర్న్ వేసేటప్పుడు రెండో విధానానికి మారవచ్చు. ఇది చెప్పకపోతే తేదీ దాటినవారు అనవసరంగా కంగారుపడతారు. మొదటి పేరాలోనే ఇరికిస్తే గడువును ఎవరూ పట్టించుకోరు. సెక్షన్లు, సర్క్యులర్ నంబర్లు అన్నిటికంటే కింద ఉండాలి. వాటిని వెతికేది ఆడిటర్లే.

మొదటి పేరాను పాడుచేసేవి ముఖ్యంగా రెండు మాటలు: ‘సంబంధిత సిబ్బంది’, ‘వీలైనంత త్వరగా’. మొదటిది చూసి ప్రతివారూ అది ఎదుటివారికనుకుంటారు. రెండోదానికి తేదీ లేదు. పంపేముందు ఆ పేరా ఒక్కటే వేరే సెక్షన్ గుమాస్తాకు చూపించి, తనేం చేయాలో చెప్పమని అడగాలి. తడుముకుంటే తిరగరాయాలి. పంపాక ‘ఇంతకీ మేమేం చేయాలండీ?’ అని ఫోన్లు మొదలైతే, జవాబు మెమోలో ఎక్కడో కింద ఉండిపోయినట్లే.