చేసింది రెండు అడుగులు, నడిచేది పది

బ్లెండర్‌లో ఒక పోస్ట్‌మ్యాన్ బొమ్మ. అతను వీధిలో పది అడుగులు నడవాలి, మధ్యలో ఎవరికో చెయ్యి ఊపాలి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అయిదు సెకన్ల పని. పది అడుగులకూ కీలు పెడుతూ కూర్చోనక్కర్లేదు. కుడికాలు ఒకటి, ఎడమకాలు ఒకటి, ఉన్నచోటే వేసిన రెండడుగులు 24 ఫ్రేముల్లో చేస్తే చాలు. 1వ ఫ్రేములోని భంగిమే 25లోనూ ఉండాలి. లేకపోతే ప్రతి చుట్టు దగ్గరా మనిషి ఉలిక్కిపడతాడు.

ఇలా చేసిన కదలికను బ్లెండర్ యాక్షన్ అంటుంది. యాక్షన్ ఎడిటర్‌లో Push Down నొక్కితే అది నాన్‌లీనియర్ యానిమేషన్ ఎడిటర్‌లో ఒక పట్టీగా, అంటే స్ట్రిప్‌గా కనిపిస్తుంది. N నొక్కి, పక్కన తెరుచుకునే ప్యానెల్‌లో Repeat దగ్గర 5 అని ఇస్తే నడక 121వ ఫ్రేము దాకా సాగుతుంది. తర్వాత మోకాలి వంపు నచ్చకపోతే స్ట్రిప్‌ని ఎంచుకుని Tab కొట్టి, ఒక్కచోట దిద్దితే అయిదు చుట్లూ మారతాయి.

ఇక చెయ్యి ఊపడం. దీన్ని ఇంకో యాక్షన్‌గా, 40 ఫ్రేముల్లో చేసి, పై ట్రాక్‌లో 50వ ఫ్రేము దగ్గర పెడతాం. ట్రాకులను బ్లెండర్ కింది నుంచి పైకి లెక్కిస్తుంది. మామూలుగా ఉండే Replace పద్ధతిలో పై స్ట్రిప్ ఏ ఎముకను తాకితే దాని విషయంలో పైదానిదే మాట. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. చెయ్యి ఊపే యాక్షన్‌లో ఒళ్లంతటికీ కీలు పెట్టేస్తారు. ఇంకేముంది, కాళ్లు కొయ్యబారిపోతాయి! కుడిచేతి ఎముకలకు మాత్రమే కీలుంటే కింది నడక యథాతథంగా సాగుతుంది.

అయినా ఇంకో పేచీ ఉంటుంది. 50కి ముందూ 90 తర్వాతా కుడిచెయ్యి నడకతో పాటు ఊగదు. Extrapolation దగ్గర Hold ఉండటమే కారణం. స్ట్రిప్ తన మొదటి, చివరి భంగిమలను రెండు వైపులా పట్టుకుని వేలాడుతుంది. దాన్ని Nothing చేస్తే పట్టు వదులుతుంది. కానీ అప్పుడు చెయ్యి చటుక్కున పైకి లేస్తుంది. Blend In, Blend Out రెండింటికీ ఎనిమిదేసి ఫ్రేములిస్తే నడకలోని ఊపులోంచే చెయ్యి లేచి, తిరిగి అందులోకే దిగుతుంది.

పోస్ట్‌మ్యాన్ ఇంకా ఉన్నచోటే నడుస్తున్నాడు. అడుగుకు 0.6 మీటర్ల చొప్పున పది అడుగులకు ఆరు మీటర్లు. రూట్ ఎముకను ఒక్కదాన్నే 1 నుంచి 121 దాకా ఆరు మీటర్లు జరిపే మూడో యాక్షన్ చేసి, దాన్నీ ఒక ట్రాక్‌లో పెట్టాలి. ఆ కీలను ఎంచుకుని T నొక్కి Linear చేయడం మరవొద్దు. మామూలు Bezier వంపు మొదట్లో, చివర్లో నెమ్మదిస్తుంది, కాళ్లేమో ఒకే వేగంతో ఆడుతుంటాయి. దాంతో నున్నటి గచ్చు మీద జారుతున్నట్టు పాదాలు వెనక్కి పోతాయి.