ఇంకో రాత్రి ఉంటామంటే గది లేదు... అప్పుడేం చెప్పాలి?

తిరుపతి బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఓ మాదిరి హోటలు ఉందనుకోండి. మొత్తం 48 గదులు. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి ఒక పెద్దాయన రిసెప్షన్ దగ్గరికి వచ్చారు. వరంగల్‌లో టీచర్‌గా రిటైరైన మనిషి. భార్యతో, కొడుకుతో గురువారం దిగారు. శనివారం మధ్యాహ్నం 12 గంటలకి గది ఖాళీ చేయాలి. "సర్వదర్శనం టోకెన్ రేపు రాత్రి ఎనిమిదింటికి దొరికింది బాబూ. రూమ్ ఇంకొక్కరోజు పొడిగించండి" అన్నారు. శనివారం రాత్రికి ఆ హోటల్లో గదులన్నీ బుక్ అయిపోయాయి.

ఇలాంటప్పుడు మనకి ఎక్కువగా వినిపించే జవాబులు రెండు. ఒకటి "ఫుల్ సార్". రెండోది "చూద్దాం సార్, పొద్దున ఒకసారి అడగండి". మొదటిది కటువుగా ఉంటుంది, రెండోది మర్యాదగా ఉంటుంది. కానీ అతిథిని ఎక్కువ ఇబ్బంది పెట్టేది రెండోదే. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి ఊళ్లో వేరే గది వెతుక్కునే వీలుంది. చూద్దామన్న మాట నమ్మి ఆయన నిశ్చింతగా పడుకుంటే, శనివారం పదకొండింటికి లేదనిపించుకుని సామానుతో రోడ్డు మీద పడతారు. వారాంతం రద్దీ అప్పటికే ఊరంతా నిండి ఉంటుంది. గది లేకపోతే లేదని మొదటి మాటలోనే చెప్పాలి. కాకపోతే ఆ మాట అనే ముందు నిజంగా లేదో కాదో చూసి అనాలి.

కంప్యూటర్ తెర మీద ఖాళీ గదులు సున్నా అని కనిపించగానే లెక్క తేలిపోయినట్టు కాదు. ఈ హోటల్లో 48 గదుల్లో రెండు మరమ్మతులో ఉన్నాయి. మిగిలిన 46లో శనివారం రాత్రికి కొనసాగేవాళ్లవి 17, కొత్తగా వచ్చేవాళ్లవి 29. ఆ 29లో 23 గదులకి ముందే డబ్బు కట్టారు. మిగతా ఆరూ ఫోన్ మీద చెప్పి ఉంచినవి, అడ్వాన్సు లేదు. అలాంటి వాటిని సాయంత్రం ఆరు వరకు ఆపి, తర్వాత వదిలేయడం చాలా హోటళ్లలో ఉన్న పద్ధతి.

అనుభవమున్న రిసెప్షనిస్టు ఈ జాబితాను పైనుంచి కిందికి ఒకసారి చదువుతాడు. ఒకే మనిషి రెండు యాప్‌లలో రెండుసార్లు బుక్ చేసుకున్నాడా అని చూస్తాడు. రేటు ఎక్కడ తక్కువో చూసుకుంటూ మొదటిదాన్ని రద్దు చేయడం మరిచిపోయేవాళ్లు ఉంటారు. పెళ్లివాళ్లు పది గదులు తీసుకుని ఉంటే, వాళ్లలో బాధ్యత చూసే మనిషికి ఫోన్ చేసి "పదీ కావాలా అండీ?" అని అడుగుతాడు. మరమ్మతులో ఉన్న గదుల సంగతి హౌస్‌కీపింగ్ వాళ్లని అడుగుతాడు. ఒకదానిలో బాత్రూమ్ గోడ కారుతోంది, అది ఎవరికీ ఇవ్వకూడదు. రెండోదానిలో ఏసీ ఒక్కటే పని చేయడం లేదు, ఫ్యాన్, నీళ్లు, మంచాలు బాగానే ఉన్నాయి. ఇదంతా పదిహేను నిమిషాల పని. ఈ పదిహేను నిమిషాలూ పెట్టకుండా లేదనడం బద్ధకం. పెట్టి లేదంటే ఆ మాటకి ఓ విలువ ఉంటుంది.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. ముందే గదిలో ఉన్నవాళ్లకే కదా ప్రాధాన్యం ఇవ్వాలి, కొత్తగా వచ్చేవాళ్లని సర్దుకోమనొచ్చు కదా అని. గదిలోకి దిగేటప్పుడు మనం సంతకం పెట్టే రిజిస్ట్రేషన్ కార్డు మీద ఖాళీ చేసే తేదీ ఉంటుంది. ఆ తేదీ దాకానే హోటలు మనకి మాటిచ్చింది. హోటల్ గదిలో ఉండేవాళ్లు మామూలుగా అద్దెకున్నవాళ్ల కిందికి రారు. ఫలానా రోజు వరకు వాడుకోవడానికి అనుమతి పొందినవాళ్లు అవుతారు. అలాంటి అనుమతి గురించి 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. శనివారం రాత్రికి డబ్బు కట్టినవాళ్లకీ అంతే గట్టి మాట ఇచ్చి ఉంది. వాళ్లు ఇప్పుడు ఏ రైల్లోనో పిల్లాపాపలతో వస్తూ ఉంటారు. కౌంటర్ ముందు నిలబడి బతిమాలే మనిషి మొహం కనిపిస్తుంది, రైల్లో ఉన్నవాళ్ల మొహం కనిపించదు. అంతమాత్రాన వాళ్ల గది తీసి వీళ్లకివ్వడం న్యాయం కాదు. అలా ఇచ్చేస్తే, వచ్చినవాళ్లని సొంత ఖర్చుతో మరో హోటలుకి పంపాల్సిన బాధ్యత హోటలు మీద పడుతుంది. గడువు దాటి ఉండాలనుకునేవాళ్ల విషయంలో ఆ ఖర్చు బాధ్యత హోటలుకి ఉండదు, సాయం చేసే బాధ్యత మాత్రం ఉంటుంది. అలాగని గడువు దాటిందని కరెంటు తీసేయడం, మనిషి లేనప్పుడు సామాను బయట పెట్టడం ఏ పరిస్థితిలోనూ చేయకూడని పనులు.

మాస్టారి విషయానికి వద్దాం. జాబితా అంతా వెతికినా ఖచ్చితమైన గది దొరకలేదు. పెళ్లివాళ్లు పదీ కావాలన్నారు. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "సార్, రేపు మీకు గది ఏయే వేళల్లో కావాలి?" ఇది అడిగితే గానీ అసలు అవసరం బయటపడదు. రాత్రి ఎనిమిది టోకెన్‌కి వాళ్లు సాయంత్రమే కొండకి బస్సెక్కుతారు. బస్సు ప్రయాణానికే దాదాపు గంట. దర్శనం చేసుకుని కిందికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటొచ్చు. రైలు ఆదివారం పది గంటలకి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, మధ్యాహ్నం నడుం వాల్చకపోతే క్యూలో నిలబడలేరు. అంటే వాళ్లకి కావాల్సినవి మూడు: మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం నుంచి సామానుకి భద్రత, అర్ధరాత్రి తర్వాత పడుకోవడానికి చోటు. ఈ మూడూ ఒకే గదిలో దొరకాలని లేదు.

వాళ్ల గదిలోకి శనివారం దిగేవాళ్లు సాయంత్రం రైలుకి వస్తున్నారు. శుభ్రం చేయడానికి ముప్పావుగంట చాలు. కాబట్టి 12కి బదులు రెండు గంటల వరకు అదనపు డబ్బు లేకుండా ఉండనివ్వొచ్చు. ఏసీ పని చేయని గది సంగతి కూడా దాచకుండా చెప్పాలి. లోపం ముందే చెప్పి, అద్దె తగ్గించి, ఒకసారి చూపించి, వాళ్లు సరేనంటేనే ఇవ్వాలి. మాస్టారు చూసి, ఈ ఎండల్లో ఆవిడకి కష్టమని వద్దన్నారు.

మిగిలింది వేరే చోటు. తిరుపతిలో చాలా లాడ్జీలకి 24 గంటల చెక్అవుట్ ఉంటుంది. ఏ వేళకి దిగితే మర్నాడు అదే వేళ వరకు గది మనదే. మాస్టారికి ఇది సరిగ్గా కుదురుతుంది. శనివారం రెండున్నరకి దిగితే ఆదివారం రెండున్నర దాకా ఇబ్బంది లేదు. మధ్యాహ్నం విశ్రాంతీ, సామానూ, రాత్రి నిద్రా ఒక్క గదిలో తేలిపోతాయి. "పక్క వీధిలో లాడ్జీలున్నాయి సార్, కనుక్కోండి" అని ఊరుకుంటే అది సాయం అనిపించుకోదు. రిసెప్షనిస్టే ఫోన్ చేయాలి. ముగ్గురికి మంచాలున్నాయా, లిఫ్ట్ ఉందా, అద్దె ఎంత, ఎవరి పేరు మీద ఎంతసేపు ఆపి ఉంచుతారు అన్నవి అడిగి కాగితం మీద రాసివ్వాలి. అద్దె 1,800 రూపాయలంటే జీఎస్టీ కలిపి ఎంతో కూడా అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు గదులకి జీఎస్టీ 5 శాతం. అంటే మొత్తం 1,890. మెట్లెక్కలేని మనిషిని లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి పంపితే ఆ తిట్లు పంపినవాడికే తగులుతాయి, తగలాలి కూడా.

దేవస్థానం వసతి సముదాయాలైన శ్రీనివాసం, విష్ణునివాసం గురించి కూడా చెప్పొచ్చు. అయితే అక్కడ గది దొరుకుతుందని హోటలు హామీ ఇవ్వలేదు, ఆ మాట స్పష్టంగా అనాలి. ఊళ్లో ఎక్కడా లేకపోతే అయిదు కిలోమీటర్ల దూరంలోని తిరుచానూరు ఉంది.

మాస్టారి కొడుకు అప్పటికే వాట్సాప్‌లో కూడా అడిగి ఉన్నాడు. రాతలో జవాబు ఇలా ఉంటే సరిపోతుంది:

"నమస్కారమండి. శనివారం రాత్రికి మా దగ్గర గది ఇవ్వలేకపోతున్నాం, క్షమించండి. అన్ని గదులకీ ముందే బుకింగ్ ఉంది. మీ గదిలో శనివారం మధ్యాహ్నం 2 వరకు ఉండవచ్చు, అదనపు చార్జీ లేదు. మీ కోసం దగ్గర్లోని లాడ్జిలో ముగ్గురికి సరిపడే గది అడిగి ఉంచాం. లిఫ్ట్ ఉంది, 24 గంటల చెక్అవుట్, జీఎస్టీతో కలిపి రూ.1,890. ఈ రాత్రి 10:30లోగా సరే అంటే మీ పేరు మీద ఖాయం చేస్తారు. సామాను మార్చడానికి మా మనిషిని తోడు పంపుతాం. ఇక్కడే కావాలనుకుంటే వెయిటింగ్ లిస్టులో పేరు రాస్తాం. ఆ సంగతి సాయంత్రం 6 తర్వాతే తెలుస్తుంది, దొరుకుతుందని మాత్రం చెప్పలేం."

లేదన్న మాట మొదటి వరుసల్లోనే వచ్చేసింది. క్షమాపణ ఒక్కసారే ఉంది. ప్రతి ప్రత్యామ్నాయానికీ వేళ, ధర ఉన్నాయి. ఎప్పటిలోగా చెప్పాలో ఉంది. వెయిటింగ్ లిస్టు చివర్లో ఉంది. దాన్ని ముందు రాస్తే అతిథి దాన్నే పట్టుకుని కూర్చుంటారు, చేతిలో ఉన్న గది జారిపోతుంది.

ఇంత బాగా చెప్పాక కూడా చెడిపోయేది ఎక్కువగా డ్యూటీ మారే చోటే. రాత్రి డ్యూటీ కుర్రాడు రెండు వరకు ఉండమన్న సంగతి లాగ్‌బుక్‌లో రాయలేదనుకోండి. పొద్దున వచ్చినవాళ్లు 12 కాగానే తలుపు కొడతారు. ఇంకొకటి కార్డు తాళం. ఎలక్ట్రానిక్ కార్డులో చెక్అవుట్ వేళ నమోదై ఉంటుంది, ఆ వేళ దాటితే తలుపు తెరుచుకోదు. టిఫిన్‌కి కిందికి వెళ్లి ఆలస్యంగా వచ్చిన పెద్దావిడ, ఎర్ర దీపం వెలుగుతున్న తలుపు ముందు వరండాలో నిలబడిపోతుంది. తనని గెంటేశారనుకుంటుంది. రెండు గంటల వరకు ఉండమన్నప్పుడే ఆ కార్డులో వేళ మార్చి చేతికివ్వాలి. బుకింగ్ ఏదైనా యాప్ ద్వారా జరిగి ఉంటే మరో జాగ్రత్త కూడా ఉంది. గది దొరికినా పాత రేటే అదనపు రాత్రికి వర్తించకపోవచ్చు, దానికి కొత్తగా బుకింగ్ చేయాల్సి రావచ్చు. అది డబ్బు తీసుకునే ముందే చెప్పాలి.

మాస్టారు లాడ్జి గదికే సరేనన్నారు. శనివారం సాయంత్రం ఆరు దాటాక, అడ్వాన్సు కట్టని ఆరుగురికీ రిసెప్షన్ నుంచి ఫోన్లు వెళ్తాయి. నలుగురు దార్లో ఉన్నామంటారు, ఒకరు రావడం లేదంటారు, ఇంకొకరు ఫోన్ ఎత్తరు. రానన్న గది అప్పుడే వెయిటింగ్ లిస్టులో మొదటి పేరుకి వెళ్తుంది. ఎత్తని నంబరుకి అరగంట ఆగి మళ్లీ చేసి, ఆ తర్వాతే రెండో గది వదులుతారు. మాస్టారు వెయిటింగ్ లిస్టు వద్దన్నారు కాబట్టి ఆయన్ని మళ్లీ కదిలించక్కర్లేదు. పేరు రాయించుకున్న మిగతావాళ్లకి మాత్రం, గది వచ్చినా రాకపోయినా, ఏడు గంటలకల్లా ఫోన్ వెళ్లాలి.