మూడున్నరతో హెచ్చవేసి చూడండి

హైదరాబాద్‌లో ఇంటి పన్ను డిమాండ్ నోటీసు అందగానే చాలామంది చూసేది అడుగున ఉన్న మొత్తం ఒక్కటే. నిరుటికంటే కాస్త ఎక్కువుంటే గొణుక్కుంటూ కట్టేస్తారు. బాగా ఎక్కువుంటే బిల్ కలెక్టర్‌కు ఫోన్ చేస్తారు. ఆ మొత్తం ఎలా వచ్చిందో ఆయన చెప్పడు, వీళ్లూ అడగరు. జీహెచ్‌ఎంసీ లెక్క చూడ్డానికి చాంతాడంత ఉంటుంది గానీ, పాత పరిధిలోని చాలా ఇళ్లకు అది ఒక్క గుణకారంతో తేలిపోతుంది.

ముందు లెక్క పద్ధతి చూద్దాం. ఇంటి నిర్మిత వైశాల్యాన్ని చదరపు అడుగుల్లో తీసుకుంటారు. దీన్నే ఆఫీసులో ప్లింత్ ఏరియా అంటారు. బాల్కనీలు, కారు షెడ్డు కూడా ఇందులోకే వస్తాయి. చదరపు అడుగుకు నెలకు ఇంత అద్దె అని మీ ప్రాంతానికి కార్పొరేషన్ ఖరారు చేసిన రేటు ఒకటి ఉంటుంది. ఈ రెండింటినీ హెచ్చవేస్తే నెలసరి అద్దె విలువ వస్తుంది. దాన్ని పన్నెండుతో హెచ్చవేస్తే ఏడాది విలువ. అందులోంచి తరుగుదల కింద 10 శాతం తీసేసి, మిగిలినదాని మీద పన్ను వేస్తారు. ఆ పన్ను మీద మళ్లీ 8 శాతం గ్రంథాలయ సెస్సు.

పన్ను శాతం నెలసరి అద్దె విలువను బట్టి మారుతుంది. 50 రూపాయల లోపైతే పన్నే లేదు. ఆపైన 17 శాతంతో మొదలై మెట్లు మెట్లుగా పెరిగి, 300 దాటితే 30 శాతం అవుతుంది. ఈ 30లో సాధారణ పన్ను 15 శాతం. మిగతా 15 పారిశుద్ధ్యం, వీధి దీపాలు, డ్రైనేజీ పేరిట పడేవి. చదరపు అడుగుకు రూపాయి రేటున్న చోట 300 అడుగుల గది దాటిన ప్రతి ఇల్లూ పై మెట్టులోనే ఉంటుంది. కాబట్టి మీకు పడేది దాదాపుగా 30 శాతమే అనుకోవచ్చు.

ఇప్పుడు అన్నీ కలిపి చూడండి. పన్నెండు నెలల్లో తొంభై శాతం అంటే 10.8. అందులో 30 శాతం 3.24. దానికి 8 శాతం సెస్సు కలిపితే 3.4992. అంటే మూడున్నర. నెలసరి అద్దె విలువను మూడున్నరతో హెచ్చవేస్తే ఏడాది పన్ను వచ్చేస్తుంది. దుకాణాలు, ఆఫీసుల వంటి నివాసేతర భవనాలకైతే కార్పొరేషనే ఈ మూడున్నరను సూత్రంగా ప్రకటించింది. ఇళ్లకు మాత్రం పొడుగు లెక్కే చెబుతారు. ఎందుకో తెలియదు గానీ ఫలితం ఒకటే.

ఒక ఇల్లు తీసుకుందాం. కింద, పైన కలిపి 1,800 చదరపు అడుగులు. కింద వీధివైపు 200 అడుగుల్లో ఒక కిరాణా కొట్టు, మిగతా 1,600 అడుగులు నివాసం. ఆ ప్రాంతంలో నివాసానికి రేటు రూపాయి, దుకాణానికి పది రూపాయలు అనుకుందాం. నివాస భాగం నెలసరి విలువ 1,600 రూపాయలు, ఏడాదికి 19,200. పది శాతం తీసేస్తే 17,280. అందులో 30 శాతం 5,184. సెస్సు దాదాపు 415 కలిపితే 5,599. మూడున్నర పద్ధతిలో 5,600. తేడా ఒక్క రూపాయి. ఇక కొట్టు: 200 అడుగులు, పది రూపాయలు, మూడున్నర. మొత్తం 7,000. రెండూ కలిపి ఏడాదికి 12,600. నోటీసులో అర్ధ సంవత్సరానికి 6,300 చొప్పున కనిపిస్తుంది.

ఇంటి మొత్తానికంటే రెండొందల అడుగుల కొట్టుకే పన్ను ఎక్కువ పడటం గమనించారా? తప్పులు ఎక్కువగా దొరికేది ఇక్కడే. కొట్టు ఎత్తేసి ఆ గదిని ఇంట్లో కలుపుకున్నా, కార్పొరేషన్ రికార్డులో అది కొట్టుగానే ఉండిపోతుంది. ఎవరూ వచ్చి మార్చరు, మనం దరఖాస్తు పెట్టాలి. మారిస్తే ఆ 200 అడుగులకు పడేది 700. ఏడాది పన్ను 12,600 నుంచి 6,300కు, సరిగ్గా సగానికి దిగుతుంది. నోటీసు చేతికి రాగానే నేనైతే ముందు చూసేది వాడకం గడినే. నివాసమా, నివాసేతరమా, రెండూ కలిసినవా? రెండూ అయితే ఏది ఎన్ని అడుగులు?

తర్వాత వైశాల్యం. సొంత ఇంటికైతే టేపు పట్టుకుని బయటి గోడల కొలత తీసుకుంటే చాలు. అపార్టుమెంటులో అంత సులువు కాదు. సేల్ డీడ్‌లో రాసే వైశాల్యంలో మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కూడా కలిసి ఉంటుంది. అసెస్‌మెంట్‌కు ఏ అంకె తీసుకున్నారో తెలియాలంటే నోటీసు మీది పన్నును వెనక్కి విప్పాలి. ఏడాది పన్నును మూడున్నరతో, ఆ వచ్చినదాన్ని మీ ప్రాంతం రేటుతో భాగిస్తే వాళ్లు లెక్కలోకి తీసుకున్న అడుగులు బయటపడతాయి. రేటు తెలియకపోతే సర్కిల్ ఆఫీసులో అడగండి. ఇంతకంటే నమ్మకమైన పరీక్ష ఇంకోటి ఉంది. మీ ఫ్లాటుకు సరిగ్గా పైనో కిందో ఉన్న ఫ్లాటు వాళ్ల నోటీసు పక్కన పెట్టి చూడండి. ప్లాను ఒకటే, వాడకం ఒకటే అయినప్పుడు పన్ను వేరుగా ఉంటే ఇద్దరిలో ఒకరిది తప్పే.

రేటు విషయంలో ఒక అపోహ. రూపాయికి అద్దె ఎక్కడ దొరుకుతుందని చాలామంది నవ్వుతారు. అది నేటి బజారు అద్దె కాదు. ఎప్పుడో ఖరారు చేసిన రేటు అలాగే కొనసాగుతోంది. కాబట్టి మీ వీధిలో అద్దెలు పెరిగినంత మాత్రాన పన్ను పెరగకూడదు. ఇంట్లో గదో అంతస్తో పెరగకుండా, వాడకం మారకుండా ఈ ఏడాది పన్ను గడిలో అంకె పెరిగితే కారణం అడిగి తీరాలి.

పన్ను గడి సరిగ్గానే ఉంది, అయినా మొత్తం రెట్టింపుగా ఉందంటే చూపు పక్క గడులకు మళ్లించాలి. మొదటిది అక్రమ నిర్మాణ జరిమానా. మంజూరైన అంతస్తుల్లోనే సెట్‌బ్యాక్ ఉల్లంఘన పది శాతం లోపు ఉంటే పన్నులో 25 శాతం, అది దాటితే 50 శాతం జరిమానా పడుతుంది. అనుమతి లేని అంతస్తుకు, అసలు అనుమతే లేని ఇంటికి 100 శాతం. ఇది ఒకసారి కట్టి వదిలించుకునేది కాదు, ఏటా పడుతూనే ఉంటుంది. కట్టినంత మాత్రాన ఇల్లు సక్రమమూ కాదు. మంజూరైన ప్లాను మీ చేతిలో ఉండి, కట్టుబడి దాని ప్రకారమే ఉన్నా ఈ గడిలో అంకె కనిపిస్తే, ఆ ప్లాను నకలే మీ జవాబు.

రెండోది బకాయి, దాని మీద వడ్డీ. గడువు దాటితే నెలకు 2 శాతం, అంటే ఏడాదికి 24. మన ఇంటికి ఒక అర్ధ సంవత్సరం పన్ను 6,300 ఆగితే నెలకు 126 రూపాయలు, పది నెలలకు 1,260. ఇంతవరకు న్యాయమే. కట్టిన పన్నే బకాయిగా కనిపించడం అసలు పేచీ. ప్రతి ఇంటికీ పీటీఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. పాతవి 14 అంకెలవి, కొత్తవి 10 అంకెలవి. ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు ఒక్క అంకె తప్పినా డబ్బు ఇంకొకరి ఖాతాలో పడుతుంది, మీకు వడ్డీ పెరుగుతూ పోతుంది. అందుకే రసీదు మీద పీటీఐఎన్, ఇంటి నంబరు రెండూ నోటీసుతో పోల్చాలి. కొన్నిసార్లు ఒకే ఇంటికి రెండు సంఖ్యలుంటాయి, పాత ఇంటిది ఒకటి, కూల్చి కట్టాక ఇచ్చినది ఇంకొకటి. ఒకదానికి మీరు ఏటా కడుతూనే ఉంటారు, రెండోది ఎవరికీ పట్టకుండా బకాయిలు పోగేసుకుంటుంది.

అప్పుడప్పుడు ప్రభుత్వం వడ్డీలో 90 శాతం మాఫీ పథకం తెస్తుంటుంది. అది వడ్డీకే గానీ అసలుకు కాదు. అసలు తప్పుగా వేసి ఉంటే మాఫీలో కట్టడమంటే ఆ తప్పును ఒప్పుకుని కట్టినట్టే.

తప్పులా కనిపించి తప్పు కానివీ ఉన్నాయి. ఏడాది పన్ను 1,200 రూపాయల లోపున్న ఇళ్లకు 101 రూపాయలే తీసుకునే రాయితీ ఉంది. మూడున్నర లెక్కలో ఇది రూపాయి రేటున్న చోట దాదాపు 340 అడుగుల ఇల్లు. వెనక ఒక వంటగది కట్టుకుని 400 అడుగులు చేశారనుకోండి, పన్ను 1,400 అవుతుంది. వందా ఒక్క రూపాయి కట్టిన చోట ఒక్కసారిగా పధ్నాలుగు వందలు అడిగితే గుండె గుభేలుమంటుంది గానీ, లెక్క మాత్రం సరైనదే.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఉన్నవాళ్లకు ఈ మూడున్నర పనికిరాదు. అక్కడ 2021-22 నుంచి అద్దె విలువను వదిలి, స్థలం, కట్టడం రెండింటి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. అక్కడ చూడాల్సింది చదరపు గజానికి స్థలం విలువ ఎంత తీసుకున్నారు, కట్టడాన్ని పక్కా శ్లాబు కింద రాశారా, రేకుల ఇల్లు కింద రాశారా అన్నవి. వాడకం, వైశాల్యం, బకాయిల పరిశీలన మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే.

తప్పు దొరికితే నోటితో చెప్పి ఊరుకోవద్దు. సర్కిల్ ఆఫీసులో రివిజన్ పిటిషన్ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. సేల్ డీడ్, మంజూరైన ప్లాను, పాత రసీదులు జత చేయండి. మీ మూడున్నర లెక్కను కూడా ఒక పేజీలో రాసి పెట్టండి. ‘పన్ను ఎక్కువ వేశారు’ అన్న కాగితంకంటే ‘1,600 అడుగులకు బదులు 1,900 అడుగులు తీసుకున్నారు’ అన్న కాగితానికి త్వరగా జవాబు వస్తుంది. కొత్తగా పన్ను వేస్తూనో పెంచుతూనో ప్రత్యేక నోటీసు ఇస్తే అభ్యంతరానికి గడువు 15 రోజులే. ఆ దశలో ఊరుకుని, తర్వాత వచ్చే డిమాండ్ నోటీసు చూసి గొడవ పెట్టుకునేవాళ్లే ఎక్కువ. కోర్టు దాకా వెళ్లినా అడిగిన పన్ను ముందు జమ చేయనిదే అప్పీలు విచారణకు రాదు. కాబట్టి వివాదం నడుస్తున్నంతకాలం, అభ్యంతరం ఉందని కాగితం మీద రాసిచ్చి పన్ను కట్టేయండి. పిటిషన్ పెట్టామని వడ్డీ ఆగదు.