టెండర్ వచ్చింది... ఇక తేదీలు రాయండి!

గంగవరం, పలమనేరు ప్రాంతం నుంచి కాంట్రాక్టర్ ఆఫీసుల్లో ఉద్యోగాలకు వెళ్లే సివిల్ విద్యార్థుల చేతికి మొదట్లోనే వచ్చే కాగితం యాక్సెప్టెన్స్ లెటర్. ‘ఇందులో మనం ఏం చేయాలో షీట్‌లో పెట్టు’ అంటారు. కుప్పం స్టేషన్‌లో ఒక రైల్వే పని వచ్చిందనుకుని చూద్దాం. అంకెలు ఊహించినవే, నిబంధనలు మాత్రం 2022 రైల్వే జీసీసీవి.

అంచనా విలువ 80 లక్షలు, ఒప్పుకున్న ధర 75 లక్షలు, గడువు ఆరు నెలలు. లెటర్ జారీ అయింది 2026 జూన్ 3న. మీరు దాన్ని తెరిచింది 8న అయినా సరే, రోజుల లెక్క 3 నుంచే. షీట్‌లో B2 గడిలో ఆ తేదీ వేసి, ఇలా రాయండి:

```
=B2+21
=B2+60
```

మొదటిది జూన్ 24. ఆలోగా కాంట్రాక్ట్ విలువలో 5 శాతం, అంటే 3.75 లక్షలు, పర్ఫార్మెన్స్ గ్యారంటీగా ఇవ్వాలి. దాటితే 25 నుంచి ఏడాదికి 12 శాతం వడ్డీ. రోజుకు దాదాపు 123 రూపాయలే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. అసలు ప్రమాదం రెండో తేదీలో ఉంది. అది ఆగస్టు 2, ఆదివారం. ఆఫీసుకు సెలవు కాబట్టి సోమవారం తీసుకుంటారు. అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్ట్ రద్దు కావచ్చు, బిడ్ సెక్యూరిటీ పోతుంది, ఆ పని రీటెండర్‌లో పాల్గొనే వీలూ ఉండదు. బ్యాంకు గ్యారంటీ ఒక్కరోజులో చేతికి రాదు. అందుకే ‘బ్యాంకులో దరఖాస్తు’ అని ఇంకో వరుస పెట్టి, జూన్ 10 లాంటి తేదీ వేయండి.

గ్యారంటీ ఎప్పటిదాకా చెల్లాలి? పని పూర్తి చేయాల్సిన తేదీకి మరో 60 రోజులు కలపాలి. ఆరు నెలలూ లెటర్ తేదీ నుంచే లెక్క, అగ్రిమెంట్ సంతకం నుంచి కాదు. పూర్తి తేదీ డిసెంబర్ 2 అయితే, గ్యారంటీ కనీసం 2027 జనవరి 31 వరకు ఉండాలి. ఒక్కరోజు తక్కువున్నా వెనక్కి పంపొచ్చు.

కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది సెక్యూరిటీ డిపాజిట్ దగ్గర. ఇదీ 5 శాతమే, ఇదీ 3.75 లక్షలే. అందుకే రెండూ ఒకటే అనుకుని ఒక వరుస ఎగరగొట్టేస్తారు. కానీ దీన్ని ఇప్పుడు కట్టక్కర్లేదు. టెండర్‌తో కట్టిన బిడ్ సెక్యూరిటీ 1.6 లక్షలు (అంచనాలో 2 శాతం) ఇందులో కలుస్తుంది. మిగతా 2.15 లక్షలు ప్రతి బిల్లులో 6 శాతం చొప్పున కోస్తారు. దాదాపు 36 లక్షల బిల్లులయ్యేసరికి కోత ఆగుతుంది. ఇది మీ యజమాని చేతికి వచ్చే డబ్బు లెక్క కాబట్టి, తేదీ గడిలో ‘మొదటి బిల్లు నుంచి’ అని రాయండి.

ప్రతి వరుసకూ లెటర్‌లోని పేరా నంబర్, ఎవరు చేయాలి, రుజువుగా ఏ రసీదు అన్నవి ఉండాలి. లెటర్‌లో ప్రత్యేక షరతు ఏదైనా ఉంటే పైన చెప్పిన అంకెలు మారొచ్చు. రాష్ట్ర శాఖల టెండర్లలో డిపాజిట్ లెక్కే వేరు, ఈ షీట్‌ను అక్కడికి కాపీ చేయకండి.