మినుములకు కోటా, శనగలకు సుంకం: మధ్యలో మిగిలే సొమ్ము ఎవరిది?

కూచిపూడి అంటే బయటి ఊళ్ల వాళ్లకు నాట్యం గుర్తొస్తుంది. కృష్ణా డెల్టా రైతుకు మాత్రం వరి, దాని వెనకే వచ్చే మినుము గుర్తొస్తాయి. ఇక్కడ వరి కోతకు కొద్ది రోజుల ముందే, చేను ఇంకా నిలబడి ఉండగానే, మినుము విత్తనం చల్లేస్తారు. కోత అయ్యాక నేలలో మిగిలిన తేమతోనే ఆ పైరు ఎదుగుతుంది. పొద్దున ఇడ్లీకైనా, ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద దహీ బడేకైనా ఆ పప్పే కావాలి. అందుకే మినుము రేటు పెరిగితే ఒక ఇంట్లో ఊరట, పక్కింట్లో దిగులు.

2016-17లో దేశంలో పప్పుధాన్యాలు బాగా పండాయి. ధరలు పడిపోయాయి. రైతును కాపాడాలంటే బయటి సరుకును ఆపాలి. కేంద్రం అప్పుడు రెండు పప్పులకు రెండు దారులు పట్టింది. మినుములు, పెసలు కలిపి ఏడాదికి 3 లక్షల టన్నులకు మించి రాకూడదని 2017 ఆగస్టులో పరిమితి పెట్టింది. దీన్నే కోటా అంటారు. శనగలపై మాత్రం 2017 డిసెంబరులో 30 శాతం దిగుమతి సుంకం వేసింది. 2018 మార్చికి అది 60 శాతానికి చేరింది. ఒకటి సరుకును లెక్కపెట్టి ఆపేది, ఇంకొకటి డబ్బు కట్టించుకుని రానిచ్చేది. రెండింటి వల్లా లోపల రేటు పెరుగుతుంది. మరి తేడా ఎక్కడ?

దాన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఇందులోని అంకెలు లెక్క కోసం అనుకున్నవే. ఒక చిన్న దేశం ఉంది. చిన్నది అంటే, అది ఎంత కొన్నా ప్రపంచ మార్కెట్ రేటు కదలదు. విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్‌లో మనం ఒక కిలో ఎక్కువ కొన్నంత మాత్రాన రేటు మారదు కదా, అలాగన్నమాట. బయట కిలో పప్పు 60 రూపాయలు. ఏ అడ్డూ లేకపోతే లోపలా అదే రేటు. ఆ రేటుకు జనం 100 టన్నులు కొంటారు. సొంత రైతులు 40 టన్నులే పండిస్తారు. మిగతా 60 టన్నులు బయటి నుంచి వస్తాయి.

ఇప్పుడు కిలోకు 10 రూపాయల సుంకం వేశారు. లోపల రేటు 70 అవుతుంది. జనం కొనుగోలు 90 టన్నులకు తగ్గుతుంది, రైతుల పంట 50కి పెరుగుతుంది, దిగుమతి 40 టన్నులకు దిగుతుంది. ఆ 40 టన్నుల మీద ఖజానాకు 4 లక్షల రూపాయలు వస్తాయి. రైతులకు 4.5 లక్షలు లాభం. కొనేవాళ్లకు 9.5 లక్షలు నష్టం. రైతుల లాభం, ఖజానా రాబడి కలిపినా 8.5 లక్షలే. మిగిలిన 1 లక్ష ఎవరికీ చేరదు. బయట చవగ్గా దొరికేదాన్ని లోపల ఎక్కువ ఖర్చుతో పండించినందుకు సగం పోయింది. కొనాల్సిన పప్పు కొనలేక మానుకున్నందుకు ఇంకో సగం పోయింది.

సుంకం బదులు 40 టన్నులే రావాలని కోటా పెట్టారనుకుందాం. సరుకు తక్కువైంది కాబట్టి రేటు మళ్లీ 70కే చేరుతుంది. రైతుకు అదే లాభం, కొనేవాడికి అదే నష్టం. కానీ ఆ 4 లక్షలు ఖజానాకు రావు. లైసెన్సు దొరికినవాడు బయట 60కి కొని లోపల 70కి అమ్ముతాడు. తేడా అతని గల్లాపెట్టెలో పడుతుంది. అతను మన దేశం వాడైతే దేశం మొత్తం మీద నష్టం అదే 1 లక్ష. ఆ తేడాను విదేశీ అమ్మకందారు తన రేటు పెంచి లాగేసుకుంటే నష్టం 5 లక్షలవుతుంది. లైసెన్సులను వేలం వేస్తే మాత్రం ఆ సొమ్ము దాదాపుగా ఖజానాకే తిరిగొస్తుంది. అప్పుడు కోటాకు, సుంకానికి పెద్ద తేడా ఉండదు.

మన మినుముల కోటాను వేలం వేయలేదు. 2018-19 నుంచి మినుములకు విడిగా 1.5 లక్షల టన్నులు కేటాయించి, పప్పు మిల్లులకు దరఖాస్తుల మీద పంచారు. అందరికీ లైసెన్సు రాదు, వచ్చినవాళ్లకు ప్రతి టన్నులో లాభం ఉంటుంది. అందుకే గొడవలు కోర్టుల దాకా వెళ్లాయి. కొందరు దిగుమతిదారులు హైకోర్టుల్లో మధ్యంతర ఉత్తర్వులు తెచ్చుకుని, పరిమితికి వెలుపల పప్పుధాన్యాలు దించారు. చివరికి 2020 ఆగస్టు 26న సుప్రీంకోర్టు ప్రభుత్వ పరిమితులు చెల్లుతాయని తీర్పిచ్చింది. సుంకం అయితే ఈ పేచీ ఉండదు. డబ్బు కట్టినవాడెవడైనా సరుకు తెచ్చుకోవచ్చు.

అసలు తేడా బయటపడేది పంట పోయిన ఏడాది. మన లెక్కలోకే వద్దాం. వానలకు సొంత పంట 20 టన్నులు తగ్గిందనుకోండి. సుంకం ఉంటే రేటు 70 దగ్గరే ఆగుతుంది. ఎందుకంటే తగ్గిన 20 టన్నులు బయటి నుంచి వచ్చేస్తాయి. దిగుమతి 60 టన్నులవుతుంది, ఖజానాకు 6 లక్షలు వస్తాయి. కోటా ఉంటే 40 టన్నుల దగ్గరే తలుపు మూసుకుంటుంది. రేటు 80కి ఎగబాకితే గానీ లెక్క సరిపోదు. లైసెన్సు ఉన్నవాడి లాభం కిలోకు 20, అంటే మొత్తం 8 లక్షలు. కొనేవాళ్ల కష్టం పెరిగిన కొద్దీ అతని లాభమూ పెరుగుతుంది.

2019లో దాదాపు ఇదే జరిగింది. భారీ వానలకు మధ్యప్రదేశ్‌లో, మరికొన్ని చోట్ల మినుము పంట దెబ్బతింది, రేట్లు ఎక్కాయి. ఆ డిసెంబరులో కేంద్రం కోటాను 1.5 లక్షల నుంచి 4 లక్షల టన్నులకు పెంచాల్సి వచ్చింది. సుంకం ఉంటే సరుకు తనంతట తానే వచ్చేది. కోటా ఉంటే ఢిల్లీలో ఒకరు సంతకం పెట్టే దాకా ఆగాలి.

అయితే కోటాకూ ఒక బలం ఉంది. బయట రేటు కుప్పకూలితే సుంకం దాటుకుని కూడా చవక సరుకు లోపలికి వస్తుంది, రైతు రేటు పడుతుంది. కోటా ఉంటే ఆ దెబ్బ రైతు దాకా రాదు.

ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. మినుముల విషయంలో భారత్ చిన్న దేశం కాదు. బయటి మినుములు ప్రధానంగా మయన్మార్ నుంచే వస్తాయి, అక్కడి రైతు పండించేది మన కోసమే. మనం తలుపు మూస్తే అక్కడ రేటు పడిపోతుంది. 2017లో అదే జరిగింది. అప్పుడు కోటా చేతిలో ఉన్నవాడికి కొనే రేటు కూడా చవకవుతుంది. సుంకమే అయితే ఆ చవకలో వాటా మన ఖజానాకు వచ్చేది.

2021 మే 15న కేంద్రం కోటా తీసేసి మినుముల దిగుమతిని స్వేచ్ఛగా వదిలింది. ఇప్పుడు డెల్టా రైతుకు అండ మద్దతు ధర. 2025-26కి అది క్వింటాలుకు 7,800 రూపాయలు. రేపు మళ్లీ పరిమితులు వస్తే ఒక లెక్క ఎవరైనా చూసుకోవచ్చు. మయన్మార్ సరుకు చెన్నై రేవుకు చేరేసరికి పడే ధర ఎంత, లోపల మార్కెట్ ధర ఎంత? ఆ రెండింటి మధ్య తేడాలోంచి సుంకం, రవాణా, వ్యాపారి మామూలు లాభం తీసేయాలి. ఇంకా మిగిలిందంటే, అది రైతుకూ ఖజానాకూ చేరకుండా లైసెన్సు కాగితం సంపాదించిన సొమ్ము.