ఉద్యోగి వెళ్లిపోయాడు, సీటు బిల్లు మాత్రం వస్తూనే ఉంది

హైదరాబాద్‌లో ఒక చిన్న ఉమ్రా ట్రావెల్స్ ఆఫీసు ఉందనుకుందాం. కంపెనీ పేరుతో ఈమెయిల్, డ్రైవ్ కావాలని గూగుల్ వర్క్‌స్పేస్ తీసుకున్నారు. మొత్తం 9 సీట్లు. ఏడాదిలో ముగ్గురు మానేశారు. యజమాని ముగ్గురి అకౌంట్లనూ `Suspend user` నొక్కి ఆపేశారు. వాళ్లు లోపలికి రాలేరు కాబట్టి పని అయిపోయిందనుకున్నారు. నెల బిల్లు మాత్రం 9 సీట్లకే వస్తోంది.

ఇందులో గూగుల్ తప్పేమీ లేదు. సస్పెండ్ అంటే తలుపుకు తాళం వేయడమే తప్ప గది ఖాళీ చేయడం కాదు. ఆ మనిషి మెయిల్, ఫైళ్లు అన్నీ లోపల భద్రంగా ఉంటాయి కాబట్టి కిరాయి నడుస్తూనే ఉంటుంది. సీటుకు నెలకు 300 రూపాయలు అనుకుంటే ముగ్గురికి ఏడాదికి 10,800. దానిపై 18 శాతం జీఎస్టీ 1,944. మొత్తం 12,744 రూపాయలు, ఎవరూ కూర్చోని కుర్చీలకు.

సరే, ముగ్గురినీ ఇప్పుడే డిలీట్ చేసేద్దాం అనిపిస్తుంది. అక్కడే ఆగాలి. ఆ ముగ్గురిలో ఒకరు ఈ వర్క్‌స్పేస్‌ను మొదట తయారు చేసిన మేనేజర్ అయితే, బిల్లుకన్నా పెద్ద చిక్కు ముందుంది.

వర్క్‌స్పేస్‌లో అందరికన్నా పై అధికారం ఉన్నవాడిని సూపర్ అడ్మిన్ అంటారు. పాస్‌వర్డ్‌లు మార్చడం, మనుషుల్ని చేర్చడం, తీసేయడం, బిల్లు చూడటం అన్నీ ఆ అకౌంట్ చేతిలోనే. చిన్న ఆఫీసుల్లో సాధారణంగా కంప్యూటర్ బాగా తెలిసిన కుర్రాడే దీన్ని పెట్టిస్తాడు కాబట్టి ఆ అధికారం అతని దగ్గరే ఉండిపోతుంది. యజమాని డబ్బు కడతారు, తాళం చెవి మాత్రం ఉద్యోగి జేబులో ఉంటుంది. రెండంచెల వెరిఫికేషన్ కోడ్ కూడా అతని ఫోన్‌కే వెళ్తుంది.

అందుకే మానేస్తానని చెప్పిన రోజే, అతను ఇంకా ఆఫీసుకు వస్తుండగానే, ఈ పని చేయించుకోవాలి. అతను admin.google.com లోకి వెళ్లి, యూజర్ల జాబితాలో యజమాని పేరు తెరిచి, అడ్మిన్ రోల్స్‌లో `Super Admin` ఇవ్వాలి. తర్వాత యజమాని తన ఫోన్‌లో, తన పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి చూసుకోవాలి. యూజర్ల జాబితా, బిల్లింగ్ పేజీ రెండూ తెరుచుకుంటేనే అధికారం వచ్చినట్టు. ఆ తర్వాత `Account settings` లో ప్రైమరీ అడ్మిన్‌గా ఉన్న ఈమెయిల్‌ను కూడా మార్చాలి. అకౌంట్ గురించిన ముఖ్యమైన సమాచారం గూగుల్ ఆ చిరునామాకే పంపుతుంది. బిల్లింగ్‌లో ఉన్న కార్డు ఎవరిదో ఒకసారి చూడండి. చివరగా పాత మేనేజర్ నుంచి సూపర్ అడ్మిన్ తీసేయాలి. ఈ వరుస తప్పకూడదు. ముందు కొత్తవారికి ఇవ్వడం, పనిచేస్తోందో లేదో చూడటం, ఆ తర్వాతే పాతవారి నుంచి తీసుకోవడం.

అప్పటికే మేనేజర్ వెళ్లిపోయి, ఫోన్ కూడా ఎత్తడం లేదంటే? దారి మూసుకుపోలేదు గానీ కష్టమే. కంపెనీ డొమైన్, అంటే మెయిల్‌లో @ తర్వాత వచ్చే పేరు, తమదేనని గూగుల్‌కు రుజువు చూపించాలి. వాళ్లు ఇచ్చిన ఒక కోడ్‌ను డొమైన్ సెట్టింగ్స్‌లో, డీఎన్ఎస్ రికార్డుగా పెట్టాలి. అయితే ఆ డొమైన్‌ను కూడా అతనే తన సొంత అకౌంట్‌తో కొని ఉంటే ఈ దారిలోనూ అతని సహాయమే కావాలి. కాబట్టి వర్క్‌స్పేస్‌తో పాటు డొమైన్ ఎవరి పేరు మీద ఉందో, రెన్యూవల్ మెయిల్ ఎవరికి వస్తోందో కూడా అడిగి రాసి పెట్టుకోవాలి. నన్నడిగితే అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

తాళం చెవులు చేతికొచ్చాక సామాను సంగతి. మానేసిన రోజు అతని పాస్‌వర్డ్ మార్చి, సెక్యూరిటీ పేజీలో సైన్-ఇన్ కుకీలు కూడా రీసెట్ చేయాలి. అప్పుడు అతని ఫోన్, లాప్‌టాప్‌లలో తెరిచి ఉన్న లాగిన్ కూడా పోతుంది. జీమెయిల్ సెట్టింగ్స్‌లో మెయిళ్లు అతని సొంత అకౌంట్‌కు ఫార్వర్డ్ అవుతున్నాయేమో చూడండి. పాస్‌పోర్ట్ స్కాన్లు వచ్చే ఆఫీసులో ఈ చిన్న పని మరిచిపోకూడదు.

డ్రైవ్‌లోని ఫైళ్లు తయారు చేసినవారి పేరు మీదే ఉంటాయి. అందరూ కలిసి వాడే యాత్రికుల లిస్టు కూడా ఆ ఒక్కడి అకౌంట్‌లో ఉండొచ్చు. అడ్మిన్ పేజీలో డ్రైవ్ సెట్టింగ్స్ కింద `Transfer ownership` ఉంటుంది. పాత ఈమెయిల్, కొత్త ఈమెయిల్ ఇస్తే ఫైళ్లన్నీ కొత్తవారి పేరు మీదకు మారతాయి. ఇద్దరూ అదే కంపెనీ వర్క్‌స్పేస్‌లో ఉండాలి. కొత్తవారి డ్రైవ్‌లో పాత ఈమెయిల్ పేరుతో ఒక ఫోల్డర్ కనిపిస్తే పని జరిగినట్టు. డిలీట్ చేసేటప్పుడు కూడా గూగుల్ ఈ ఫైళ్ల గురించి అడుగుతుంది. అయితే అక్కడ ఎవరితోనూ షేర్ చేయని ఫైళ్లను కూడా చేర్చమనే టిక్ విడిగా ఉంటుంది. తొందరలో దాన్ని వదిలేస్తే అతను ఒక్కడే చూసుకున్న లెక్కల ఫైళ్లు అకౌంట్‌తో పాటే పోతాయి.

మెయిల్ సంగతి వేరు. డ్రైవ్ మార్చినంత మాత్రాన జీమెయిల్‌లోని పాత ఉత్తరాలు రావు. పాస్‌వర్డ్ మార్చాక అడ్మిన్ ఆ అకౌంట్‌లోకి వెళ్లి takeout.google.com నుంచి మెయిళ్లన్నీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. లాగిన్ సమయంలో పాత ఫోన్ కోడ్ అడిగితే, అడ్మిన్ పేజీలో ఆ యూజర్ సెక్యూరిటీ కింద బ్యాకప్ కోడ్లు దొరుకుతాయి. డౌన్‌లోడ్ అయిన ఫైల్ తెరుచుకుంటోందో లేదో చూసిన తర్వాతే ముందుకు వెళ్లండి.

ఇప్పుడు `Delete user`. పొరపాటు జరిగిందని తెలిస్తే 20 రోజుల లోపు సూపర్ అడ్మిన్ ఆ అకౌంట్‌ను వెనక్కి తేగలరు, ఆ గడువు దాటితే కుదరదు. పాత కస్టమర్లు ఇంకా ఆ చిరునామాకే రాస్తుంటారు కాబట్టి, డిలీట్ అయ్యాక ఆ ఈమెయిల్‌ను వేరే ఉద్యోగికి అదనపు చిరునామాగా జోడించవచ్చు. దానికి కొత్త సీటు అక్కర్లేదు.

బిల్లు తగ్గుతుందా అంటే ప్లాన్‌ను బట్టి ఉంటుంది. `Billing` లో సబ్‌స్క్రిప్షన్ తెరిచి చూడండి. ఫ్లెక్సిబుల్ ప్లాన్ అయితే మనుషులు తగ్గగానే బిల్లు కూడా తగ్గుతుంది. మన ట్రావెల్స్ ఆఫీసుది ఇదే అయితే 9 నుంచి 6 సీట్లకు దిగుతుంది. యాన్యువల్ ప్లాన్‌లో మాత్రం ఏడాదికి ఇన్ని సీట్లని ముందే ఒప్పుకుంటాం. ముగ్గురిని తీసేసినా రెన్యూవల్ వరకు 9కే కట్టాలి. ఖాళీ అయిన సీట్లు కొత్తగా చేరేవారికి ఇవ్వవచ్చు, కొత్తవి కొనక్కర్లేదు. మనుషుల్ని పెంచే ఆలోచన లేకపోతే రెన్యూవల్ తేదీకి ముందే లోపలికి వెళ్లి సీట్ల సంఖ్య 6కు మార్చాలి. మరిచిపోతే పాత సంఖ్యతోనే ఇంకో ఏడాది మొదలు కావచ్చు. రీసెల్లర్ దగ్గర కొన్నవారు ఈ మార్పు కోసం వాళ్లకే ఫోన్ చేయాలి, అదీ ఆ తేదీకి ముందే.