నేటి మాట: నిర్మాల్యం

పొద్దున్నే పూజగది తలుపు తీస్తే పటాలకు నిన్నటి మందారాలు వాడి వేలాడుతుంటాయి. "ముందు నిర్మాల్యం తీసెయ్యమ్మా, తర్వాత దీపం పెడుదువుగాని" అంటారు పెద్దవాళ్లు. దేవుడికి సమర్పించి, పూజ అయ్యాక మిగిలిన పువ్వులు, పత్రి, దండలు నిర్మాల్యం. బుట్టలోనే వాడిపోయిన పువ్వు నిర్మాల్యం కాదు. అది పర్యుషితం, అంటే చద్దిపువ్వు. రెండూ పూజకు పనికిరావు గానీ కారణాలు వేరు. చద్దిపువ్వుకు తాజాదనం పోయింది, నిర్మాల్యమేమో అప్పటికే దేవుడి సొమ్మయిపోయింది.

పలికేటప్పుడు నిర్-మాల్-యం అని విడదీసి చూసుకోండి. 'మా' దీర్ఘం, తర్వాత లకారం. 'నిర్మాళ్యం' అని పలికేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ మాల్యం అంటే పూలదండ, అందులో ళకారానికి చోటు లేదు. రాయలవారి ఆముక్తమాల్యదలో ఉన్నదీ ఈ మాల్యమే. గోదాదేవి తాను ముడిచి విడిచిన దండ దేవుడికి చేరింది. మామూలుగా దేవుడు విడిచిన దండే మన దగ్గరికొస్తుంది.

ఆ రావడంలోనూ గుడికో పద్ధతి. విష్ణ్వాలయంలో స్వామి మెడలోని దండ ఇస్తే కళ్లకద్దుకుని తీసుకుంటాం. శివలింగం మీది నిర్మాల్యం మాత్రం చండేశ్వరుడి వాటా. గర్భగుడికి ఉత్తరాన, అభిషేక జలం బయటికొచ్చే తూము దగ్గర ఆయన ఉంటాడు. ఆయన ముందు భక్తులు చప్పట్లు కొట్టేది 'శివుడి సొమ్మేమీ పట్టుకుపోవడం లేదు' అని చూపడానికట. శివమహిమ్న స్తోత్రం వెనకున్న కథా ఇలాంటిదే. పుష్పదంతుడనే గంధర్వుడు ఒక రాజు తోటలో రోజూ పూలు దొంగిలించేవాడు. ఎవరికీ కనపడడు. రాజు దారిలో శివనిర్మాల్యం పరిపించాడు. తెలియక దాన్ని తొక్కి గంధర్వుడు తన శక్తి పోగొట్టుకున్నాడు. దొంగతనానికి పడని శిక్ష తొక్కినందుకు పడింది!

తిరుమల వైష్ణవ క్షేత్రమే అయినా అక్కడ స్వామివారి పూలు భక్తులకు ఇవ్వరు. సంప్రదాయం ప్రకారం అవి గుడిలోని పూలబావికి చేరేవి. 2021లో దేవస్థానం వాడిన పూలతో అగరుబత్తీలు చేయించడం మొదలుపెట్టింది. కేరళలోని గురువాయూరులో ఈ మాట ఒక దర్శనానికే పేరయింది. తెల్లవారుజామున 3 గంటలకు తలుపులు తెరిచి, ముందురోజు అలంకారం తీయకముందే స్వామిని చూపిస్తారు. అది నిర్మాల్య దర్శనం.

ఇంట్లో తీసిన నిర్మాల్యాన్ని కాళ్ల కింద పడనివ్వకుండా ఏ చెట్టు మొదట్లోనో వేస్తే చాలు. ప్లాస్టిక్ సంచీతో సహా కాలువలో విసరడం ఏ శాస్త్రమూ చెప్పలేదు. మారేడు దళానికి మాత్రం మినహాయింపు ఉంది. ఒకసారి పూజించిన దళాన్ని కడిగి మళ్లీ శివుడికి సమర్పించవచ్చు. మారేడు చెట్టు దూరమైన పట్నవాసులకు అది పెద్ద వెసులుబాటు.